వెల్డింగ్ షెడ్డు షాటు: వాన, రవ్వలు, పొగ మూడూ నమ్మించడం లేదు

షెడ్డు_శీను

అందరికీ నమస్కారం. కాలేజీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఒక చిన్న యానిమేషన్ చేస్తున్నాను. అందులో ఒకే ఒక్క షాటు దగ్గర ఆగిపోయాను. రాత్రి వేళ, రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బయట వాన. లోపల ఒక మనిషి గ్రైండర్‌తో ఇనుప గేటు కోస్తుంటాడు, వెనక ఇంకొకరు వెల్డింగ్ చేస్తుంటే పొగ లేస్తుంటుంది. మొత్తం 120 ఫ్రేములు, సెకనుకు 24. కెమెరా చివర్లో కొద్దిగా ముందుకు వెళ్తుంది, అంతే. బ్లెండర్‌లో చేస్తున్నాను, రెండర్ సైకిల్స్‌లో.

వానకు 10 మీటర్ల ఎత్తులో 12×6 మీటర్ల ప్లేన్ పెట్టి 20,000 కణాలు ఇచ్చాను. మిగతావన్నీ మొదట ఉన్న విలువలే. మొదటి సెకను అసలు వానే కనిపించదు. తర్వాత చినుకులు పైన మెల్లగా మొదలై కిందికొచ్చేసరికి విపరీతంగా వేగం పుంజుకుంటున్నాయి. చూసినవాళ్లందరూ వడగళ్లా అని అడుగుతున్నారు. కొన్ని రేకుల్లోంచి దూరి లోపల కూడా పడుతున్నాయి.

రవ్వలు పూసల్లా ఎగురుతున్నాయి, నేల మీద పడ్డవి సగం నేలలోకి దిగి ఆగుతున్నాయి. పొగకు 8 మీటర్ల పెట్టె పెట్టి రిజల్యూషన్ 64 ఇస్తే, వెల్డింగ్ రాడ్డు కొస దగ్గర సన్నగా మొదలవ్వాల్సిన పొగ ఒక పెద్ద ముద్దగా పుడుతోంది. ఎక్కడి నుంచి సరిచేయాలో చెప్పగలరా?

గోదావరి_గ్రాఫిక్స్

శీనూ, ఇందులో పెద్ద విషయం ఏమీ లేదు. వాన పలచగా ఉంది కాబట్టే వడగళ్లలా కనిపిస్తోంది. 20,000 ఏ మూలకు? 10 లక్షలు పెట్టు. చినుకు బరువు, అంటే `Mass`, పెంచు. బరువైన చినుకు వేగంగా పడుతుంది, అప్పుడు పైన మెల్లగా, కింద వేగంగా అన్న తేడా పోతుంది. మోషన్ బ్లర్ ఆన్ చెయ్యి. పని అయిపోయింది.

పాతఫ్రేమ్

అయిపోదు. మోషన్ బ్లర్ మాట ఒక్కటి సగం సరైనది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు బరువు సంగతి. బ్లెండర్‌లో గురుత్వాకర్షణ కింద పడే కణానికి `Mass` ఎంత ఇచ్చినా వేగం ఒకటే. `Drag` ఇచ్చినప్పుడో, గాలి లాంటి బలం తగిలినప్పుడో మాత్రమే బరువు లెక్కలోకి వస్తుంది. నిజం వానలో పెద్ద చినుకు వేగంగా పడుతుందన్నది వాస్తవమే గానీ, అది గాలి నిరోధం వల్ల జరిగేది. శీను ఫైలులో ఆ నిరోధమే లేదు.

అసలు కారణం కూడా అదే. మబ్బు నుంచి బయల్దేరిన చినుకు మన కంటికి కనిపించే ఎత్తుకు వచ్చేసరికి ఎప్పుడో స్థిర వేగానికి చేరిపోయి ఉంటుంది. 1 మిల్లీమీటరు చినుకు సెకనుకు 4 మీటర్లు, 2 మిల్లీమీటర్లది ఆరున్నర, 5 మిల్లీమీటర్లది 9 మీటర్ల దరిదాపుల్లో పడుతుంది. అంతకు మించి పెరగదు. మీ చినుకులు మాత్రం 10 మీటర్ల ఎత్తున నిలకడగా పుట్టి, నేలను తాకేసరికి సెకనుకు 14 మీటర్లు అందుకుంటున్నాయి. ఏ వానా అలా పడదు. వడగళ్లని అన్నవాళ్ల కన్ను సరిగ్గానే చూసింది.

ఇంకొకటి. మొదట ఉన్న విలువల్లో `Normal` వేగం 1 ఉంటుంది. మీ ప్లేన్ ముఖం పైకి ఉంటే చినుకులు ముందు ఒకసారి పైకి ఎగిరి, తర్వాత కింద పడతాయి.

కాబట్టి వానకు గురుత్వాకర్షణ తీసేయండి. `Field Weights`లో `Gravity` 0. `Normal` 0. కిందికి స్థిరంగా 7 ఇవ్వండి. 10 మీటర్లు దాటడానికి 1.4 సెకన్లు, అంటే 34 ఫ్రేములు పడుతుంది. ఆయువు 40 చాలు. మొదటి ఫ్రేముకే గాలి నిండా వాన ఉండాలంటే కణాలు పుట్టడం −40లో మొదలవ్వాలి. ప్లేన్‌ను ఎంచుకుని దీన్ని నడిపితే సరిపోతుంది:

```python
import bpy
s = bpy.context.object.particle_systems[0].settings
s.frame_start = -40
s.frame_end = 120
s.lifetime = 40
s.count = 19000
s.normal_factor = 0
s.object_align_factor[2] = -7
s.effector_weights.gravity = 0
```

ఆ 19,000 ఎక్కడిది అంటారా. `count` అనేది గాలిలో ఉన్న చినుకుల సంఖ్య కాదు, మొత్తం షాటులో పుట్టేవాటి సంఖ్య. ఏ క్షణాన చూసినా గాలిలో 4,000 కావాలనుకున్నాను. ఒక్కోటి నేలను చేరేదాకా 34 ఫ్రేములు గాలిలో ఉంటుంది కాబట్టి ఫ్రేముకు 118 పుట్టాలి, 160 ఫ్రేములకు 19,000 దగ్గర. ఇప్పుడు మీ ఫైలులో ఏం జరుగుతోందంటే, కణాలు పుట్టడం 200వ ఫ్రేము దాకా పరిచి ఉంది, మీ షాటు 120కే అయిపోతోంది. అంటే మీరిచ్చిన వానలో మూడో వంతుకు పైగా పుట్టనే లేదు. 10 లక్షలు పెట్టాల్సిన అవసరం ఎక్కడా లేదు.

రేకుల్లోంచి దూరడానికి మందు: షెడ్డు పైకప్పుకు `Collision` పెట్టి `Kill Particles` టిక్ చేయడం. నేనైతే అది కూడా చేయను. కప్పు పైభాగం కెమెరాకు కనిపించదు కదా. ప్లేన్‌ను రెండుగా కోసి ఒకటి షెడ్డు ముందు, ఒకటి వెనక పెడతాను. లేని చినుకుకు ఢీకొనే లెక్క కూడా ఉండదు.

ఎనిమిదిజీబీ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీ. పొగ రిజల్యూషన్ 256 పెడితే బ్లెండర్ మూసుకుపోతోంది. 128 పెడితే నడుస్తోంది గానీ గంటలు పడుతోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? 40 వేలలో ఏది మంచిది?

పాతఫ్రేమ్

కొనకండి. రిజల్యూషన్ రెట్టింపు చేస్తే గడులు ఎనిమిది రెట్లవుతాయి, కాలం అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. 40 వేల ల్యాప్‌టాప్ ఆ లెక్కను ఓడించలేదు. శీను పొగ గురించి మాట్లాడేటప్పుడు మీ జవాబు కూడా అందులోనే ఉంటుంది.

లలిత_2డి

నేను చేతితో గీసే యానిమేషన్ నుంచి వచ్చినదాన్ని, ఈ కణాల లెక్కలు నాకు అక్కర్లేదు. మేము వానను మూడు పొరలుగా గీసేవాళ్లం. కెమెరాకు దగ్గరి పొరలో గీతలు పొడుగ్గా, పలచగా, కొద్దిగా మసకగా ఉంటాయి. మధ్య పొర సాధారణం. దూరపు పొరలో గీతలు పొట్టిగా, దట్టంగా, ఇంచుమించు ఒక తెరలా ఉంటాయి. ఒక్కో పొరకూ వేర్వేరు సంఖ్యలో బొమ్మలు గీసి తిప్పేవాళ్లం, అన్నీ ఒకేసారి మొదటికి వస్తే కన్ను పట్టేస్తుంది. శీను గీసుకోవచ్చు కదా, 120 ఫ్రేములే.

ఇంకో మాట. వాన కనిపించేది వెనక చీకటి ఉండి, పక్క నుంచో వెనక నుంచో వెలుగు తగిలినప్పుడే. ఫ్రేమంతా సమానంగా వాన కనిపిస్తే అది వానలా ఉండదు. వీధి దీపం కింద ఒక గరాటు మేర, షెడ్డు ట్యూబులైటు ముందు కొంత. మిగతా చోట్ల వాన ఉన్నట్టు తెలిస్తే చాలు.

షెడ్డు_శీను

లలిత గారూ, గీయడం నాకు రాదండీ, అందుకే కంప్యూటర్‌ను పట్టుకున్నాను. వెలుగు మాట మాత్రం వెంటనే అమలు చేశాను. ముందు వైపు నుంచి పడుతున్న లైటు తీసేసి, వీధి దీపాన్ని వాన వెనక్కి జరిపాను. సగం వాన దానంతటదే మాయమైంది, మిగిలిన సగం బాగుంది.

పాతఫ్రేమ్ గారి విలువలతో వడగళ్ల గొడవ పోయింది. ఇప్పుడు రెండు సందేహాలు. చినుకు ఆకారాన్ని ఎంత పొడుగు సాగదీయాలి? నేను కంటికి నచ్చినట్టు 40 సెంటీమీటర్లు పెట్టాను. దాని మీద మోషన్ బ్లర్ కూడా పెడితే మొత్తం మంచుతెరలా అయిపోతోంది. రెండోది, నేల మీద చినుకు చిట్లడం ఎలా?

పాతఫ్రేమ్

పొడవు కంటికి నచ్చినట్టు పెట్టేది కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు చినుకు ఎంత దూరం ప్రయాణించిందో అంతే గీత. మామూలుగా షట్టర్ సగం ఫ్రేము తెరిచి ఉంటుంది:

```
length = speed * shutter / fps
7 * 0.5 / 24 = 0.146
```

అంటే పదిహేను సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. వెడల్పు 2 మిల్లీమీటర్లు. మీ 40 సెంటీమీటర్ల గీత సెకనుకు 19 మీటర్ల వేగానిది. కదిలేది మాత్రం 7 మీటర్ల వేగంతో. కన్ను ఈ రెంటినీ పోల్చుకుంటుంది, ఏదో తేడా ఉందని చెబుతుంది, ఏమిటో చెప్పలేదు.

ఇలా గీతను ఆకారంగా చేసినప్పుడు వానకు మోషన్ బ్లర్ వద్దు. సాగిన దాన్నే మళ్లీ సాగదీసినట్టవుతుంది. గీతను వేగం దిశకు తిప్పడం మరిచిపోకండి: `Rotation` ఆన్ చేసి `Velocity / Hair` ఎంచుకోవాలి. అప్పుడు గాలికి కొంచెం పక్కవేగం ఇచ్చినా గీత దానికి తగ్గట్టు వాలుతుంది. పక్కవేగం 1 నుంచి 1.5 మధ్య ఉంటే చాలు.

చిట్లడానికి: బ్లెండర్ పాత కణాల వ్యవస్థలో ఒక కణం చనిపోయిన చోట ఇంకో కణం పుట్టించే సులువైన దారి లేదు. అవసరమూ లేదు. నేల మీదే ఇంకో ఎమిటర్ పెట్టండి, వేగం సున్నా, గురుత్వాకర్షణ సున్నా, ఆయువు 4 నుంచి 6 ఫ్రేములు. చిన్న కిరీటంలా చిట్లిన నీటి ఆకారాన్ని మూడు రకాలుగా చేసి ఒక కలెక్షన్‌లో పెట్టి వాటిని ఆ కణాలకు తగిలించండి. ఏ చినుకు ఎక్కడ పడిందో, చిట్లడం ఎక్కడ జరిగిందో పోల్చి చూసే ప్రేక్షకుడు లేడు.

గోదావరి_గ్రాఫిక్స్

పోల్చి చూసే ప్రేక్షకుడు లేడా? రోడ్డు మీద నీటి గుంట ఉంటే చూస్తాడు. గుంటలో వలయాలు రావాలి. దానికి `Dynamic Paint` ఉంది. గుంటను కాన్వాస్ చేసి `Waves` పెట్టి, వాన కణాలనే బ్రష్‌గా ఇస్తే చినుకు పడిన ప్రతిచోటా వలయం లేస్తుంది. దీనికి ఏ దొంగదారీ అక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెబుతాను. గీతను ఆకారంగా చేస్తే కెమెరా కదిలినప్పుడు మోసం బయటపడుతుంది. కెమెరా పక్కకు తిరిగితే నిజం గీత ఏటవాలుగా సాగాలి. మీ పద్ధతిలో నిటారుగానే ఉంటుంది. అసలైన మోషన్ బ్లర్ ఒక్కటే సరైనది.

పాతఫ్రేమ్

గుంట విషయంలో మీ మాటే సరి. గుంట మాత్రం ఫ్రేములో పెద్దగా కనిపించాలి, దాని మెష్‌ను బాగా చిన్న ముక్కలుగా విభజించాలి, లేకపోతే వలయాలు గుండ్రంగా రావు.

కెమెరా విషయంలో కూడా మీ అభ్యంతరం సరైనదే, ఈ షాటుకు అది వర్తించదు. ఇక్కడ కెమెరా ముందుకు కొద్దిగా జరుగుతోంది, అంతే. వేగంగా పక్కకు తిరిగే షాటు అయితే నేనూ చిన్న చినుకు ఆకారానికి అసలైన బ్లరే వాడతాను.

గోదావరి_గ్రాఫిక్స్

నేనైతే రెండు చోట్లా అదే వాడతాను. ప్రతి షాటుకూ ఒక్కో పద్ధతి గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు.

ఇనుపరజను

నేను యానిమేషన్ వాడిని కాను, మా బాబాయికి ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, సెలవుల్లో అక్కడే పెరిగాను. శీను పెట్టిన వీడియో చూశాను. రవ్వలు గ్రైండర్ చుట్టూ అన్ని వైపులా చిమ్ముతున్నాయి. దీపావళి చిచ్చుబుడ్డికి అది సరిపోతుంది, గ్రైండర్‌కు కాదు.

కోసే బిళ్ల ఇనుమును ఏ బిందువు దగ్గర తాకుతుందో, అక్కడ బిళ్ల అంచు ఏ దిశలో పోతోందో ఆ దిశలోనే రవ్వలు ఒక సన్నని ధారలా వెళ్తాయి. కొన్ని మాత్రం బిళ్లతో పాటు చుట్టూ తిరిగి గార్డు దగ్గర రాలతాయి. ధార విప్పుకుంటుంది గానీ మొదట్లో చాలా ఇరుకుగా ఉంటుంది. మనిషి బిళ్లను నొక్కినప్పుడు దట్టంగా, పట్టు సడలించినప్పుడు పలచగా వస్తుంది. 120 ఫ్రేములూ ఒకే జోరుగా రావడం నేనెప్పుడూ చూడలేదు.

గేటుకు వాడేది మెత్తటి ఇనుము, దాని రవ్వలు పొడుగాటి గీతల్లా ఉంటాయి. పాత ఆకురాయి, స్ప్రింగు పట్టీ లాంటి కార్బన్ ఎక్కువ ఉన్న ఉక్కును పడితే రవ్వ చివర పగిలి చిన్న చిన్న కొమ్మలుగా చీలుతుంది. అల్యూమినియం కోస్తే రవ్వలే రావు. నేను చూసిన చాలా యానిమేషన్లలో అన్నిటికీ చీలిపోయే రవ్వలే పెడతారు.

ఇక వెల్డింగ్ వైపు నుంచి కూడా రవ్వలు పెట్టావు. అవి వేరు. అవి కరిగిన లోహపు చుక్కలు, దగ్గర్లోనే పడి దొర్లుతాయి.

షెడ్డు_శీను

అన్నా, ఈ సంగతులు ఏ పాఠంలోనూ దొరకలేదు. గ్రైండర్ రవ్వల వేగం ఎంత ఉంటుంది? నేను 3 పెట్టాను.

ఇనుపరజను

నాకు వేగం తెలియదు. మా చిన్న గ్రైండర్ 4 అంగుళాల బిళ్లది, దాని మీద 11,000 ఆర్‌పీఎం అని రాసి ఉంటుంది. మిగతాది మీరే లెక్క కట్టుకోండి.

వెలుగునీడ

కట్టాను. 10 సెంటీమీటర్ల వ్యాసం, నిమిషానికి 11,000 చుట్లు అంటే బిళ్ల అంచు సెకనుకు దాదాపు 58 మీటర్ల వేగంతో పోతుంది. రవ్వ పుట్టేటప్పుడు ఆ వేగానికి మించదు, ఆ దరిదాపుల్లో బయల్దేరుతుంది. సెకనుకు 24 ఫ్రేముల దగ్గర అది ఒక్క ఫ్రేములో 2.4 మీటర్లు. అందుకే నిజం వీడియోలో గ్రైండర్ దగ్గర రవ్వలు విడివిడిగా కనిపించవు, గీతలుగానే కనిపిస్తాయి. మీరు 3 పెట్టారు కాబట్టి పూసలు వచ్చాయి.

అలాగని 58 పెట్టొద్దు. నిజం రవ్వ చాలా చిన్నది, గాలి దాన్ని వెంటనే ఆపేస్తుంది. ఆ రెండూ అచ్చంగా లెక్కించాలంటే ఫ్రేముకు చాలా అడుగులు వేయించాలి. నేను 15తో మొదలుపెట్టి గట్టి నిరోధం ఇస్తాను. పాత కణాల వ్యవస్థలో వేగాన్ని బట్టి గీత పొడవు మార్చడం కష్టం, రవ్వలకు అదే ప్రాణం. కాబట్టి జామెట్రీ నోడ్స్‌లో సిమ్యులేషన్ జోన్ వాడండి, బ్లెండర్ 3.6 నుంచి ఉంది. జోన్ లోపల ప్రతి ఫ్రేమూ జరిగేది ఇంతే:

```
velocity += (0, 0, -9.8) * dt
velocity *= 1 - 3 * dt
position += velocity * dt
if position.z < 0:
    position.z = 0
    velocity.z *= -0.3
```

ఇక్కడ `dt` అంటే జోన్ ఇచ్చే `Delta Time`. జోన్ బయటికి వచ్చాక `Instance on Points`తో సన్నని గీతను తగిలించి, దాని పొడవును వేగం × 0.5 ÷ 24గా ఇవ్వండి, వాన లెక్కే. పుట్టినప్పుడు గీత 31 సెంటీమీటర్లు ఉంటుంది. అర సెకను తర్వాత వేగం 3కు పడిపోతుంది, గీత 6 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఆ కుదింపు చూడగానే రవ్వ చల్లారుతోందని కంటికి తెలుస్తుంది.

నేల చదునుగా ఉంది కాబట్టి ఢీకొనడానికి పై రెండు వరుసలు చాలు. పాత వ్యవస్థలోనే ఉంటానంటే, సగం నేలలోకి దిగే సమస్యకు `Size Deflect` టిక్ చేయండి. అది లేకపోతే కణం మధ్య బిందువు నేలను తాకినప్పుడే ఢీకొన్నట్టు లెక్క, అప్పటికి సగం లోపలుంటుంది.

ఫ్రేముకు 50 రవ్వలు పుట్టించండి, ఆయువు 6 నుంచి 20 ఫ్రేముల మధ్య యాదృచ్ఛికంగా. ఇనుపరజను గారు చెప్పిన హెచ్చుతగ్గులకు ఆ 50ని కీఫ్రేములతో కదిలించండి, మనిషి భుజం కదలికకు సరిపోయేలా. రంగుకు, వయసును ఆయువుతో భాగించి `age` పేరుతో దాచండి. మెటీరియల్‌లో `Attribute` నోడ్‌ను `Instancer`కు మార్చి ఆ విలువ చదివి, `Blackbody`కి 2200 నుంచి 900 దాకా దించుతూ ఇవ్వండి. పసుపుగా పుట్టి ఎర్రగా ఆరిపోతుంది.

ఇనుపరజను

షెడ్డు లోపల పొడి నేల కాబట్టి ఎగిరి దొర్లుతాయి, సరే. వాన జల్లు కొట్టి తడిసిన చోట ఎగరనివ్వకండి. అక్కడ పడ్డ రవ్వ అక్కడే నల్లబడుతుంది.

షెడ్డు_శీను

తడి హద్దు దాటిన రవ్వకు −0.3 బదులు సున్నా ఇచ్చి, ఆయువు అక్కడితో ముగించాను. రవ్వలు ఇప్పుడు నిజంగా బాగున్నాయి. అయితే రెండర్‌లో గోడల నిండా తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి, శాంపిల్స్ పెంచినా పోవడం లేదు.

వెలుగునీడ

కొన్ని వందల చిన్న మెరిసే ఆకారాలు గది మొత్తాన్ని వెలిగించాలని ప్రయత్నిస్తున్నాయి. సైకిల్స్‌కు అవి దొరకడం కష్టం, దొరికినప్పుడల్లా ఒక తెల్ల చుక్క. రవ్వల ఆకారానికి `Ray Visibility`లో `Diffuse` తీసేయండి. అవి కెమెరాకు, ప్రతిబింబాలకు కనిపిస్తాయి గానీ గోడను వెలిగించవు. గోడను వెలిగించడానికి బిళ్ల దగ్గర ఒక పాయింట్ లైటు పెట్టి, దాని శక్తికి `Noise` మాడిఫయర్ తగిలించండి. ఫ్రేముకు పుట్టే రవ్వల కీఫ్రేములు ఎక్కడ పెరిగితే అక్కడ లైటు కూడా పెరగాలి. తడి రోడ్డు మీద రవ్వల ప్రతిబింబం మాత్రం నిజమైనదే వస్తుంది, దాన్ని పోగొట్టుకోకండి.

పాతఫ్రేమ్

ఇక పొగ. శీను, ఎనిమిదిజీబీ ఇద్దరికీ.

రిజల్యూషన్ 64 అంటే పెట్టె పొడవైన వైపును 64 గడులుగా కోయడం. 8 మీటర్ల పెట్టెలో ఒక్కో గడి 12.5 సెంటీమీటర్లు. మీ రాడ్డు కొస దగ్గర పెట్టిన గోళం 4 సెంటీమీటర్లు ఉంటుందేమో. గడి కన్నా చిన్న మూలం నుంచి పొగ సన్నగా పుట్టే మార్గమే లేదు, కనీసం ఒకటి రెండు గడుల ముద్దగానే పుడుతుంది. ఇక్కడ అందరూ రిజల్యూషన్ పెంచుతారు. పెట్టెను కుదించండి. వెల్డింగ్ పొగ పైకి లేచే చోటు 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు, 2 మీటర్ల ఎత్తు ఉంటే చాలు. రిజల్యూషన్ 96 పెడితే గడి 2.1 సెంటీమీటర్లు. మొత్తం గడులు 48×48×96, అంటే రెండు లక్షల ఇరవై వేల పైచిలుకు. మీ పాత పెట్టెలో రెండు లక్షల అరవై వేలు ఉన్నాయి. తక్కువ గడులతో ఆరు రెట్లు సన్నని పొగ. 8 జీబీ ల్యాప్‌టాప్ మీద నిశ్చింతగా నడుస్తుంది.

పెట్టె చిన్నదైతే పొగ పైఅంచు దగ్గర కత్తిరించినట్టు ఆగుతుంది. దానికి `Dissolve` పెట్టి, అంచుకు చేరేలోపే పలచబడేలా కాలాన్ని సర్దండి. 40 ఫ్రేములతో మొదలుపెట్టి చూడండి.

ఒక హెచ్చరిక. 96 దగ్గర నచ్చిన కదలిక 192 దగ్గర అలాగే ఉండదు. రిజల్యూషన్ మారితే పొగ దారే మారిపోతుంది. కాబట్టి ముందు తక్కువ రిజల్యూషన్‌లో కదలిక ఖాయం చేసుకుని, సన్నని వివరాలు కావాలంటే `Noise` ఆన్ చేయండి. అది పాత కదలిక మీదే నగిషీ చెక్కుతుంది. `Cache`లో `Modular` పెట్టి `Is Resumable` టిక్ చేస్తేనే ఆ నగిషీని తర్వాత విడిగా బేక్ చేయగలరు.

మొదటి ఫ్రేముకే పొగ లేచి ఉండాలి కదా. 180 ఫ్రేములు బేక్ చేసి, క్యాష్ `Offset`తో మొదటి 60ని షాటుకు ముందుకు జరపండి.

ఎనిమిదిజీబీ

నాది కారు సైలెన్సర్ పొగ. పెట్టె మొత్తం రోడ్డంత పెట్టాను. ఇప్పుడు అర్థమైంది. అయితే కారు కదులుతుంటే పెట్టె ఎలా?

పాతఫ్రేమ్

`Adaptive Domain` ఆన్ చేయండి, పొగ ఉన్న మేరకే గడులు లెక్కిస్తుంది. మీ కారు చాలా దూరం వెళ్తే దానికీ హద్దు ఉంది. కారు షాటు పెట్టి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడదాం.

షెడ్డు_శీను

ఒక వింత జరిగింది. కాలేజీ ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లలో పంచి రెండర్ పెట్టాను. ఒకదానికి 1 నుంచి 60, రెండోదానికి 61 నుంచి 120. రెండోదాంట్లో పొగ లేదు, రవ్వలు అప్పుడే మొదలైనట్టున్నాయి. వాన మాత్రం సరిగ్గా ఉంది.

వెలుగునీడ

వింత కాదు. సిమ్యులేషన్‌లో 61వ ఫ్రేము కావాలంటే 60వది తెలియాలి, దానికి 59వది. రెండో కంప్యూటర్ నేరుగా 61 దగ్గర తెరుచుకుంది, దాని దగ్గర వెనకటి చరిత్ర లేదు. వాన కణాలను మీరు బేక్ చేసి ఉంటారు, పాత వ్యవస్థలో ఆ బేక్ బ్లెండ్ ఫైలులోనే కూర్చుంటుంది కాబట్టి వెంట వచ్చింది. రవ్వల సిమ్యులేషన్ జోన్‌ను బేక్ చేయండి, పొగ బేక్ ఎలాగూ ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్లను కూడా ఫైలుతో పాటు కాపీ చేయండి. దారి `//`తో మొదలవుతోందో లేదో చూడండి, `C:`తో మొదలైతే రెండో కంప్యూటర్‌కు అది దొరకదు.

లలిత_2డి

చేతితో గీస్తే 61వ కాగితం ఏ బల్ల మీదున్నా 61వదే.

ఒకటి అడగనా? రేకుల షెడ్డు అన్నారు, చూరు నుంచి నీళ్లు ఎక్కడ? వీడియోలో అంత వాన పడుతోంది, రేకు అంచు పొడిగా ఉంది.

పాతఫ్రేమ్

మంచి మాట పట్టుకున్నారు. అది ఇంకో ఎమిటర్. రేకు ముడతల పల్లం ఒక్కోదాని చివర ఒక్కో బిందువు పెట్టి, శీర్షాల నుంచి కణాలు పుట్టించాలి. శీను, ఇక్కడ మాత్రం గురుత్వాకర్షణ 1 ఉండాలి. చూరు చుక్క నిలకడ నుంచి బయల్దేరుతుంది, రెండున్నర మీటర్లు పడేసరికి సెకనుకు 7 మీటర్లు అందుకుంటుంది. పైన చుక్కలా, కింద గీతలా కనిపించాలి. పొడవు మారాలి కాబట్టి రవ్వలకు కట్టిన నోడ్లనే నిరోధం తీసేసి వాడుకోండి.

గోదావరి_గ్రాఫిక్స్

చుక్కలుగా ఎందుకు? అంత వానలో చూరు నుంచి ధారే పడుతుంది. దానికి ద్రవ సిమ్యులేషన్ పెట్టాలి.

ఇనుపరజను

మా షెడ్డులో గట్టి వాన పడితే పల్లానికొక ధార, తగ్గాక చుక్కలు. గాలి వీస్తే ధార మధ్యలో తెగి చుక్కలవుతుంది. శీను, నీ షాటులో వాన పెరుగుతోందా, తగ్గుతోందా?

షెడ్డు_శీను

అది ఇంకా ఆలోచించలేదండీ. కథ ప్రకారం తర్వాతి షాటులో వాన వెలుస్తుంది, కాబట్టి తగ్గుతున్నట్టే ఉండాలి. అలాగైతే వాన కణాలు కూడా చివరికి పలచబడాలి కదా? `count` కీఫ్రేములతో కదిలిస్తే కణాలన్నీ ఒక్కసారిగా చోటు మారిపోతున్నాయి. దారి ఏదైనా ఉందా?